తాడుకి రెండే కొసలు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. స్టాఫ్‌రూమ్‌లో సరిగ్గా నా నడినెత్తి మీద తిరిగే ఫ్యాను మీద ఒట్టేసి చెబుతున్నాను. ఆ ఫ్యాను ఒకే ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. అబద్ధమాడితే ఏమవుతుందో నాకూ తెలుసు, దానికీ తెలుసు. నేను ఒట్టు వేసినప్పుడల్లా మా ఆవిడ "ఇవాళ ఏదో పెద్దదే వదలబోతున్నారు" అంటుంది. ఆవిడ మాట పట్టించుకోకండి. ఆవిడది కామర్సు.

రాజమండ్రికి ఆనుకుని ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను లెక్కలు చెబుతాను. మా డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిది మందిమి. ఆగస్టులో మా ప్రిన్సిపాల్‌గారు హైదరాబాదులో ఏదో శిక్షణకి వెళ్ళొచ్చారు. ఆయన శిక్షణకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ కాలేజీకి జ్వరం తగులుతుంది. కిందటిసారి వెళ్ళొచ్చి అందరినీ నిలబడి భోంచెయ్యమన్నారు. ఈసారి తెచ్చినది "జంట పరిశీలన".

అంటే ఇద్దరు లెక్చరర్లు జంట కట్టాలి. వీళ్ళ క్లాసులో వాళ్ళు కూర్చోవాలి, వాళ్ళ క్లాసులో వీళ్ళు కూర్చోవాలి. ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఒకవైపు బేరం లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే మా ప్రిన్సిపాల్‌గారు మెకానికల్ ఆయన. చక్రానికి ఆకులన్నీ ఒకే కొలతలో ఉండాలంటారు.

"ప్రతి ఒక్కరికీ సరిగ్గా మూడు జంటలు. ఒకరికి రెండు, ఇంకొకరికి నాలుగు అంటే కుదరదండి. అసూయలొస్తాయి. ఏ డిపార్ట్‌మెంట్‌కి ఆ డిపార్ట్‌మెంటే, లోపల్లోపలే కట్టుకోండి" అన్నారు మీటింగులో.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంకో మాట అన్నారు. "మూడు జంటలు కుదుర్చుకోలేనివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు నలుగురితో కలవలేని మనుషులన్నమాట. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి మరీ చెబుతున్నాను. కన్ఫర్మ్ చేసేటప్పుడు నేను మొట్టమొదట చూసేది అదే."

మా తొమ్మిది మందిలో ప్రొబేషన్‌లో ఉన్నది ఒక్కరే. జూన్‌లో చేరిన కొత్త మేడమ్. తణుకు అమ్మాయి. రోజూ అక్కణ్ణుంచి రాలేక ఇక్కడే హాస్టల్లో ఉండేది. బాగా చెబుతుందని అప్పటికే పేరు. అందుకే ఎవరికీ అక్కర్లేని ఐదో యూనిట్టు, అంటే గ్రాఫ్ థియరీ, రెండు సెక్షన్లకీ ఆవిడ నెత్తినే రుద్దాం.

మీటింగు నుంచి వచ్చీ రాగానే స్టాఫ్‌రూమ్‌లో జంటలు కట్టడం మొదలైంది. అదొక స్వయంవరం. పక్క కుర్చీవాళ్ళు పక్క కుర్చీవాళ్ళని పట్టుకున్నారు. ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు ఒకటయ్యారు. నేను నా ముగ్గురినీ కూర రుచిని బట్టి ఎంచుకున్నాను. టీ వచ్చేసరికి అందరికీ మూడేసి కుదిరాయి, కొత్త మేడమ్‌కి తప్ప. ఆవిడకి రెండే.

మా హెచ్.ఓ.డి. మేడమ్‌ది కోనసీమ. మనసు కొబ్బరినీళ్ళు, మాట మాత్రం కాయ పైనుండే పీచు డొక్క. "ఏంటమ్మా, ఇంతమందిలో ఒక్కళ్ళు దొరకలేదా నీకు? కాస్త మొహాన నవ్వుండాలి కదా" అనేసింది అందరి ముందూ.

"నవ్వుతూనే అడిగానండి. అందరికీ అప్పటికే మూడు నిండిపోయాయంటున్నారు" అంది కొత్త మేడమ్. ఆ మాట అంటున్నప్పుడు కూడా నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం వేరే పనిలో ఉన్నాయి.

మర్నాడు ఆవిడ గొట్టం కాజాల పెట్టెతో వచ్చింది. పెట్టె అంటే మామూలు పెట్టె కాదు, మోయడానికి ఇద్దరు పట్టారు. (ఫ్యాను కదల్లేదు. గమనించండి.) ఆ పెట్టె దగ్గర మొదట కరిగినవారు మా యానాం మాస్టారు. ఆయన ఊరు యానాం కాదు. ప్రతి శనివారం సముద్రపు గాలి పీల్చుకోవడానికని అక్కడికి వెళ్ళొస్తారు కాబట్టి ఆ పేరు. సోమవారం దాకా ఆ గాలి ఆయన దగ్గర నుంచి వస్తూనే ఉంటుంది.

"నేనుంటానమ్మా నీకు జంటగా. మూడు మించకూడదు కాబట్టి ఈ గురువుగారిని వదిలేస్తా" అని నా వేపు చూపించారు, నోట్లో కాజాతో.

"రెండు కాజాలకి నన్ను అమ్మేస్తారా మాస్టారూ!"

"రెండేంటండీ, నాలుగు."

దాంతో కొత్త మేడమ్‌కి మూడయ్యాయి, నాకు రెండయ్యాయి. నలుగురితో కలవలేని మనిషిని ఇప్పుడు నేను. ఇరవై ఏళ్ళుగా ఈ కాలేజీలో అందరి టిఫిన్ క్యారేజీల్లోనూ చెయ్యి పెట్టినవాణ్ణి! పౌరుషం వచ్చి, స్టాటిస్టిక్స్ చెప్పే ఆయన్ని బతిమాలి లాక్కున్నాను. ఆయన నా కోసం యానాం మాస్టారిని వదిలేశారు. ఇప్పుడు యానాం మాస్టారికి రెండు. మళ్ళీ లాగుడు, మళ్ళీ వదులుడు. అమ్మవారు పూనినట్టు ఆ ఖాళీ ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి దూకుతోంది తప్ప గది దాటి బయటికి పోవడం లేదు.

మేమందరం ఎమ్మెస్సీలు. ఇద్దరు పీహెచ్‌డీలు కూడాను. పరిష్కారాలు ఎలాంటివి వచ్చాయో వినండి. యానాం మాస్టారు అన్నవరం కొండెక్కి వ్రతం చేయించుకుంటానని మొక్కుకున్నారు. స్టాటిస్టిక్స్ ఆయన, బీరువా ఈశాన్యంలో ఉండటం వాస్తు దోషమన్నారు. బీరువా జరిపాం. దాని వెనక పోయిందనుకున్న డస్టర్లు దొరికాయి గానీ జంట దొరకలేదు.

ఏ ప్రయత్నం ఎటు తిరిగినా సాయంత్రానికి ఆ ఖాళీ వచ్చి కొత్త మేడమ్ దగ్గరే ఆగేది. అందులో వింత లేదు. అందరికన్నా చిన్నది, అందరికన్నా కొత్తది. ఎవరో ఒకరు వదులుకోవాల్సి వస్తే మనిషి చెయ్యి మొదట ఎవరిని వదులుతుంది? మరుసటి సోమవారం ప్రిన్సిపాల్‌గారు స్వయంగా వచ్చి జంటలు చూస్తానన్నారు. శుక్రవారం ఆ అమ్మాయి హాస్టల్ గది ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలో ఎవరితోనో ఫోన్లో అడుగుతుంటే విన్నాను. కాజా నాకు అరగలేదు.

సోమవారం పొద్దున్నే హెచ్.ఓ.డి. మేడమ్ ఆటో దిగింది. వెనక సీటు నిండా కొబ్బరిపీచు తాళ్ళు. వాళ్ళ అన్నగారికి కోనసీమలో తాళ్ళ వ్యాపారం.

"కాగితం మీద గీస్తే దెబ్బలాటలు తప్ప తేలడం లేదు. అందరూ వరండాలోకి రండి. జంట కట్టిన ఇద్దరూ ఒక తాడు చెరో కొసా పట్టుకోండి. ఎవరి చేతిలో మూడు కొసలు లేవో కళ్ళకే కనిపిస్తుంది. అక్కడే సర్దేద్దాం" అంది.

వరండాలో గుండ్రంగా నిలబడ్డాం. తాళ్ళు అటూ ఇటూ సాగాయి. పీచు గుచ్చుకుంటోంది. ఒకళ్ళు తుమ్మితే ముగ్గురు ఊగుతున్నారు. టీ తెచ్చే ఆయన కెటిల్ నెత్తిన పెట్టుకుని తాళ్ళ కింద నుంచి పాక్కుంటూ వచ్చి, చేతులు ఖాళీ లేని మాకు కప్పులు నోటికి అందించి వెళ్ళాడు. యానాం మాస్టారు గోడకి చేరబడ్డారు. నిద్రపోయారు కూడా, కానీ తాళ్ళ బిగువుకి పడలేదు. కొసలు మార్చుకుని, వదిలి, పట్టుకుని, చివరికి కొత్త మేడమ్ చేతిలో మూడు కొసలు పడేసరికి అందరం "హమ్మయ్య" అన్నాం.

అప్పుడు హెచ్.ఓ.డి. మేడమ్ తన చేతులు చూసుకుంది. రెండే.

సరిగ్గా ఆ క్షణానే ప్రిన్సిపాల్‌గారు మెట్లెక్కి వచ్చారు.

"ఏంటి మేడమ్‌గారూ, హెడ్ మీరు. మీకే జంట కుదరలేదా?" అన్నారు ఆశ్చర్యంగా. కొత్త మేడమ్‌తో తను అన్న మాటే తిరిగి తనకి తగిలేసరికి హెచ్.ఓ.డి. మేడమ్ మొహం నిమ్మకాయ కొరికినట్టయింది.

"ఎందుకు కుదరలేదండీ! ఇదిగో, నా క్లాసు ఫోన్లో వీడియో తీసుకుని నేనే చూసుకుంటా" అంటూ కింద పడున్న ఒక తాడు తీసి దాని రెండు కొసలూ తనే పట్టుకుంది. లెక్కపెట్టుకుంది. నాలుగు! సరిగ్గా మూడు ఉండాలన్నది రూలు. ఒక కొస వదిలితే తాడు రెండో కొస ఎవరి చేతిలోనూ లేక నేల మీద పాములా పడుంటోంది.

అప్పుడు కొత్త మేడమ్ నవ్వింది. ఈ రెండు నెలల్లో మేం వినని నవ్వు. చేతిలో తాళ్ళు ఉన్నాయి కాబట్టి నోరు మూసుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆ నవ్వుకి గుండ్రం గుండ్రమంతా ఊగింది.

"సార్, తాడుకి కొసలు ఎన్నండి?"

"రెండు. ఇదేం ప్రశ్న?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"మేం తొమ్మిది మందిమి. తలో మూడు కొసలంటే ఇరవై ఏడు. పదమూడు తాళ్ళు తెస్తే ఇరవై ఆరు కొసలు. పద్నాలుగు తెస్తే ఇరవై ఎనిమిది. ఇరవై ఏడో కొస ఒక్కటే ఎక్కణ్ణుంచి తెమ్మంటారండి?"

ఆయన క్షణం ఆలోచించారు. మెకానికల్ బుర్ర కదా, పనిముట్టు మీదకే పోయింది. "ఓ తాడుని సగానికి కొయ్యండి."

కోశాం కూడా. టీ ఆయన కత్తి తెచ్చాడు. కోసిన సగం తాడుకి ఒక కొస పాతది, ఒక కొస కొత్తది. మళ్ళీ రెండే. ఆ సగాన్నీ సగం చెయ్యమన్నారు. దానికీ రెండే. అలా కోసుకుంటూ పోయి గోరంత ముక్క దగ్గర ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని ఓటమి ఒప్పుకున్నారు. ఒంటి కొస తాడు కోనసీమలో దొరకదు.

ఇక్కడ మాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇది మేం ఏటా చెప్పే సిద్ధాంతమే. ఏ గ్రాఫ్‌లోనైనా బేసి డిగ్రీ ఉన్న శీర్షాలు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. మనుషులు శీర్షాలు, తాళ్ళు అంచులు, చేతిలోని కొసల లెక్క డిగ్రీ. కానీ అది ఐదో యూనిట్టు. మాకు ఆగస్టులో మొదటి యూనిట్టు నడుస్తుంది. ఐదో యూనిట్టు తాలూకు తలుపు మా బుర్రల్లో నవంబరుకి గానీ తెరుచుకోదు.

"ఆగమ్మా. ఇరవై ఏడు సంగతి సరే. ఈ మూడు కాకుండా ఎవరికెన్నైనా అనుకో. బేసి కొసలు ఉన్నవాళ్ళు ఎప్పుడూ సరిమందేనంటావు. ఎందుకు?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయనలో నాకు నచ్చేది అదొక్కటే. పట్టుకుంటే వదలరు.

కొత్త మేడమ్ తాళ్ళు పట్టుకునే పాఠం మొదలుపెట్టింది. "అందరి చేతుల్లోని కొసలూ కలపండి సార్. ఒక్కో తాడూ రెండేసి కొసలు ఇస్తుంది కాబట్టి మొత్తం తాళ్ళకి రెట్టింపు. అంటే సరి సంఖ్య. ఇందులోంచి సరి కొసలు ఉన్నవాళ్ళ వాటా తీసేయండి. సరి సంఖ్యలు ఎన్ని కలిపినా సరే కాబట్టి తీసేసిందీ సరే. సరిలోంచి సరి పోతే మిగిలేదీ సరే. ఆ మిగిలింది ఎవరి వాటా? బేసివాళ్ళది. బేసి సంఖ్యల్ని బేసిమంది తెచ్చి కలిపితే మొత్తం బేసి అయి ఊరుకుంటుంది. మనకి సరి వచ్చింది. అందుకని బేసివాళ్ళు సరిమందే అయి తీరాలండి."

"లెక్కలవాళ్ళు ఇలాగే మాటల్లో పెట్టి బోల్తా కొట్టిస్తారు. నాకు కళ్ళకి కనబడాలి" అన్నారాయన.

"అయితే అందరూ తాళ్ళు వదిలేయండి" అంది ఆవిడ. ప్రొబేషన్ పిల్ల మాకు ఆర్డరు వేసింది, మేం వదిలేశాం. "ఇప్పుడు ఎవరి చేతిలోనూ కొస లేదు. సున్నా సరి సంఖ్యే. చేతిలో బేసి కొసలు ఉన్నవాళ్ళు ఒంటికాలి మీద నిలబడాలి, సరి కొసలు ఉన్నవాళ్ళు రెండు కాళ్ళ మీద. సార్, మీకు తోచిన ఇద్దరికి ఒక్కో తాడూ ఇస్తూ రండి. ఒంటికాలివాళ్ళు బేసిమంది అయిన క్షణాన నేను రాజీనామా రాసిస్తాను."

ఆవిడ సరదాకి అన్లేదు.

ప్రిన్సిపాల్‌గారు మొదటి తాడు నాకూ హెచ్.ఓ.డి. మేడమ్‌కీ ఇచ్చారు. ఇద్దరం కొంగల్లా ఒంటికాలి మీద లేచాం. ఇద్దరు. రెండో తాడు రెండు కాళ్ళ మీద ఉన్న మరో ఇద్దరికి. నలుగురు. తర్వాత తాడు నాకూ ఆ నలుగురిలోనే ఇంకొకరికీ ఇచ్చారు. ఇద్దరం కాళ్ళు దించాం. ఇద్దరు మిగిలారు. ఆయనకి కిటుకు దొరికిందనిపించింది. "చూడండి" అంటూ ఒంటికాలి మీద ఉన్న హెచ్.ఓ.డి. మేడమ్‌కి ఒక కొస, రెండు కాళ్ళ మీద గురకపెడుతున్న యానాం మాస్టారికి ఒక కొస ఇచ్చారు. మేడమ్ కాలు దించింది, మాస్టారు నిద్రలోనే కాలు ఎత్తారు. ఒకరు పోయి ఒకరు వచ్చారు. మళ్ళీ ఇద్దరే!

"కొస చేతిలో పడ్డ ప్రతివాళ్ళూ కాలు మార్చాల్సిందే సార్. ప్రతి తాడుకీ సరిగ్గా ఇద్దరు మారుస్తారు. ఇద్దరు పెరుగుతారు, లేదా ఇద్దరు తగ్గుతారు, లేదా ఒకరి బదులు ఒకరు. ఒక్కరు మాత్రం పెరగడం లేదు, తరగడం లేదు. సున్నాతో మొదలయ్యాం కాబట్టి బేసికి దారే లేదండి."

"రెండు కొసలూ ఒకళ్ళకే ఇస్తే?"

"రెండుసార్లు మారుస్తారు. మళ్ళీ మొదటికే."

ఆయన వదల్లేదు. తాళ్ళు అయిపోయేదాకా పంచారు. మేం ఎత్తుతూ దించుతూ ఉన్నాం. కింద గ్రౌండులో నడుస్తున్న జనం ఆగి, లెక్కల డిపార్ట్‌మెంట్‌లో ఏదో కొత్త దేవుడు వెలిశాడనుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఒకాయన చెప్పులు కూడా విప్పాడు. ఒంటికాలివాళ్ళు ఒక్కసారి కూడా బేసిమంది కాలేదు.

చివరికి ఆయన వరండా పిట్టగోడ మీద కూలబడ్డారు. "అయితే తొమ్మిది మందిలో అందరికీ మూడు అన్నది..."

"దేవుడు దిగొచ్చినా కుదరదండి. ఎవరో ఒకరు రెండుతోనో నాలుగుతోనో ఉండాల్సిందే. అది ఎవరి స్వభావమూ కాదు." తర్వాత గొంతు తగ్గించి అంది. "నేను రోజూ రెండు సెక్షన్లకీ ముందుగానే ఈ యూనిట్టు తయారుచేసుకుంటున్నానండి. అయినా ఇన్నాళ్ళూ తట్టలేదు. తప్పు నాదే అనుకుంటూ ఉంటే లెక్క ఎలా కనిపిస్తుంది?"

హెచ్.ఓ.డి. మేడమ్ తాళ్ళన్నీ కింద పడేసి, వెళ్ళి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. కోనసీమ డొక్కకి అదే ఎక్కువ.

ప్రిన్సిపాల్‌గారికి మాత్రం రూలు రూలే. "మూడు అని పైకి రాసి పంపేశానమ్మా. ఇప్పుడు మార్చలేను. ఏదైనా దారి చెప్పు."

"మనిషి పెరిగితే సరిపోతుందండి. పదిమందైతే ముప్ఫై కొసలు, పదిహేను తాళ్ళు."

"పదోవాళ్ళని ఎక్కణ్ణుంచి తేను?"

తొమ్మిది మందిమీ ఆయన వేపే చూశాం. యానాం మాస్టారు కూడా కళ్ళు తెరిచారు, అలాంటి విషయాలు ఆయనకి నిద్రలోనూ తెలుస్తాయి.

ఆయన వెనక్కి జరిగారు గానీ పిట్టగోడ అడ్డం వచ్చింది. అందరం పొద్దుటి జంటల్లోకి వెళ్ళి తాళ్ళు పట్టుకున్నాం. రెండే ఉన్న హెచ్.ఓ.డి. మేడమ్ ఒక కొస ప్రిన్సిపాల్‌గారి చేతిలో పెట్టింది. ఆవిడకి మూడు నిండాయి, ఆయనకి ఒకటి వచ్చింది. కొత్త మేడమ్‌కీ యానాం మాస్టారికీ మధ్య ఉన్న కాజాల తాడు తీసేసి, ఆ ఇద్దరినీ చెరో తాడుతో ఆయనకే కట్టాం. వాళ్ళ మూడూ అలాగే ఉన్నాయి, ఆయనకీ మూడయ్యాయి. పదిహేను తాళ్ళు, ఒక్క కొస మిగల్లేదు.

జంట పరిశీలన అంటే ఆయన కూడా క్లాసు చెప్పాలి కదా. ఆయన సుద్దముక్క పట్టి చాలా కాలమైంది. క్లాసులోకి వెళ్ళగానే అలవాటు కొద్దీ మైకు కోసం వెతికారు. పిల్లల్ని "గౌరవనీయులైన తల్లిదండ్రులారా" అని పిలిచారు. వెనక బెంచీలో హెచ్.ఓ.డి. మేడమ్, కొత్త మేడమ్, యానాం మాస్టారు వరసగా కూర్చున్నారు. పావుగంట తడబడ్డాక ఆయన థర్మోడైనమిక్స్ పక్కనబెట్టి, ముందు వరస పిల్లల్ని లేపి, జేబులోంచి తాడు తీశారు. గంట కొట్టేసరికి క్లాసంతా ఒంటికాలి మీద ఉంది.

అక్టోబరులో ప్రొబేషన్ మీటింగు. ఆ ఉత్తర్వులో ప్రిన్సిపాల్‌గారు రాసిన వాక్యం హెచ్.ఓ.డి. మేడమ్ మాకు చదివి వినిపించింది. "ఈమె నలుగురితోనూ కలవగలదు. నన్ను కూడా కలుపుకుంది." ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. హాస్టల్ ఖాళీ చేసి స్టేషను దగ్గర చిన్న వాటా అద్దెకి తీసుకుంది. గృహప్రవేశానికి మళ్ళీ కాజాలు. ఈసారి నా జంటని ఎవరూ లాక్కోకుండా నేనే పెట్టె పక్కన కూర్చున్నాను.

ఇది రాస్తుండగా ఫ్యాను కిర్రుమంది. కాబట్టి ఒక ముక్క ఒప్పేసుకుంటాను. తాళ్ళు నిజం, ఒంటికాళ్ళు నిజం, గోరంత ముక్క నిజం. తొమ్మిది మాత్రం నేను కల్పించాను. మేం నిజానికి పదకొండు మందిమి. ముప్ఫై మూడు కొసలు అవసరమయ్యాయి, అవీ కుదరలేదు. ప్రిన్సిపాల్‌గారు పన్నెండోవారుగా వచ్చాక ముప్ఫై ఆరు కొసలు, పద్దెనిమిది తాళ్ళు. అంతమందిని గుర్తుపెట్టుకోవడం మీకు కష్టమని ఇద్దరిని కథలోంచి తీసేశాను. ఆ ఇద్దరూ ఇది చదివి నాతో మాట్లాడ్డం మానేస్తారు, అది వేరే సంగతి.

తీసేసేటప్పుడు ఒక్కరినే తీద్దామనుకున్నాను. చెయ్యి ఆగిపోయింది. పదిమంది మిగిలి ఉంటే ముప్ఫై కొసలకి పదిహేను తాళ్ళు చక్కగా సరిపోయేవి, అందరికీ మూడేసి జంటలు కుదిరేవి, కొత్త మేడమ్‌ని ఎవరూ ఒక్క మాటా అనేవారు కాదు, ఎవరి దారిన వాళ్ళు భోజనాలకి వెళ్ళిపోయేవారు. అంటే ఈ కథలో అబద్ధమాడే స్వేచ్ఛ కూడా నాకు పూర్తిగా లేదన్నమాట. అబద్ధమైనా ఇద్దరిద్దరిగానే ఆడాలి.

ఫ్యాను ఆగింది. బోల్టు బిగించే ఆయనకి కబురు పెట్టాను.